పటంలో ఒకరు ఎక్కువ

చనిపోయిన పెంపుడు జంతువును ఒక పిల్ల ఎవరికీ చెప్పకుండా కుటుంబం ఫోటోలో చేర్చడం కథావస్తువుగా చాలా చిన్నది. జరిగే పని ఒక్కటే, అదీ ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. అయినా రాయడం కష్టం. కుక్క చనిపోయింది కాబట్టి ఇది దుఃఖం గురించిన కథ అనుకుని మొదలుపెడితే పిల్ల ఏడుస్తుంది, పెద్దవాళ్ళు ఓదారుస్తారు, బొమ్మ బయటపడ్డాక అందరి కళ్ళూ చెమరుస్తాయి. అక్కడితో కథ అయిపోతుంది, పాఠకుడికి కొత్తగా తెలిసిందేమీ ఉండదు. నిజానికి ఈ వస్తువులో అసలు విషయం చావు కాదు. ఇంట్లో మనిషిగా లెక్కకు వచ్చేది ఎవరు, ఆ లెక్క తేల్చే హక్కు ఎవరిది అన్నది అసలు విషయం. కుటుంబం ఫోటో అంటే ఆ లెక్కను అందరికీ కనిపించేలా గోడకు తగిలించడం. పిల్ల చేసేది ఆ లెక్కను తనంత తాను సవరించడం.

అందుకే కథకుడు ముందుగా తేల్చుకోవలసింది కుక్క ఎలా చనిపోయిందన్నది కాదు, ఫోటోలో అది ఎందుకు లేదన్నది. కుక్క పోయిన తర్వాత తీసిన ఫోటో అయితే పిల్ల చేసిన పని ఒక కోరిక మాత్రమే: ఉండి ఉంటే బాగుండేదని. ఫోటో తీసిన రోజున కుక్క బతికే ఉండి, ఆ పెరట్లోనే ఉండి, పెద్దవాళ్ళు దాన్ని పక్కన కట్టేసి ఫోటో తీయించుకుని ఉంటే పిల్ల చేసిన పని సాక్ష్యం అవుతుంది. ఆ రోజు అది అక్కడ ఉంది, ఆ సంగతి పిల్లకు తెలుసు, ఫోటో మాత్రం లేదంటోంది. రెండో మార్గంలోనే కథకు బలం ఎక్కువ. పిల్ల అబద్ధం చేర్చడం లేదు, ఒక నిజాన్ని వెనక్కి తెస్తోంది.

ఈ మార్గంలో ఒక కథను అల్లి చూస్తే మిగతా చిక్కులన్నీ వరసగా బయటపడతాయి. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు, 1990ల మొదలు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, ఏడేళ్ళ పాప. వీధిలోంచి వచ్చి పెరట్లో స్థిరపడిపోయిన నల్ల కుక్క జిమ్మీ. వైశాఖంలో బాబాయి పెళ్ళయింది. పెళ్ళయిన మూడో రోజు స్టూడియో అతను వచ్చి ఇంటి ముందు కుర్చీలు వేయించి అందరినీ గ్రూపు ఫోటో తీశాడు. జిమ్మీ కుర్చీల మధ్య తిరుగుతోందని నాన్న దాన్ని వెనక కొబ్బరిచెట్టుకు కట్టేశాడు. ఫోటో తీసినంతసేపూ అది మొరుగుతూనే ఉంది.

ఆ ఫోటోలో ఇంకొక విశేషం ఉంది, కథంతా దాని మీదే నిలబడుతుంది. పెళ్ళికి ఏడాదిన్నర ముందు తాతయ్య పోయారు. ఫోటో తీసేటప్పుడు నాయనమ్మ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. తర్వాత స్టూడియోలో ఆ కుర్చీలో తాతయ్యను కూర్చోబెట్టారు. పటం కట్టించి ఇంటికి తెచ్చాక చూస్తే తాతయ్య ఉన్నారు, జిమ్మీ లేదు. ఆ రోజు పెరట్లో లేని మనిషి ఫోటోలో ఉన్నారు. ఆ రోజంతా అక్కడే ఉన్న ప్రాణి ఫోటోలో లేదు. ఏడేళ్ళ పిల్లకు ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు. ఎవరైనా ఫోటోలోకి ఎలా రావచ్చో పెద్దవాళ్ళే ఆమెకు చూపించారు.

పోయినవాళ్ళను ఫోటోలో కలపడం మన స్టూడియోలకు కొత్తేమీ కాదు. కంప్యూటర్లు రాకముందు ఈ పని కత్తెరతో, జిగురుతో, సన్నటి కుంచెతో సాగేది. పోయిన మనిషి పాత ఫోటో ఒకటి తెచ్చి, దాన్ని గ్రూపు ఫోటోలోని మనుషుల కొలతకు సరిపోయేలా పెద్దది చేసి, ఆకారాన్ని అంచుల వెంట కత్తిరించి, గ్రూపు ఫోటో మీద అతికించేవారు. కత్తిరించిన అంచులు తెలియకుండా కుంచెతో రంగు అద్దేవారు. తర్వాత ఆ అతికించిన ఫోటోను మళ్ళీ కెమెరాతో తీసి కొత్త నెగెటివ్ తయారుచేసేవారు. దాని నుంచి తీసిన ప్రింటులో అతుకు చేతికి తగలదు. కంటికి మాత్రం చాలాసార్లు దొరికిపోతుంది. మిగతావాళ్ళ ముఖాల మీద వెలుతురు ఎడమ నుంచి పడితే పోయినవారి ముఖం మీద కుడి నుంచి పడుతుంది. పాత ఫోటో చిన్నదైతే ముఖం కాస్త మసకగా ఉంటుంది. మెడ దగ్గర చొక్కా కాలరు అంచు మరీ పదునుగా ఉంటుంది. అందరి కాళ్ళ కింద నీడ ఉంటే ఆయన కాళ్ళ కింద ఉండదు. కథలో ఈ లోపాలను ముందుగా గమనించేది పాపే అయితే బాగుంటుంది. పెద్దవాళ్ళు తాతయ్య ముఖం చూసి ఊరుకుంటారు. పిల్లలు నీడ కూడా చూస్తారు.

ఇలా కలపడాన్ని మోసం అనలేం. 1860లలో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫరు, బతికున్నవాళ్ళ వెనక పోయినవాళ్ళ ఆత్మలు నిలబడ్డట్టు కనిపించే ఫోటోలు తీసి అమ్మేవాడు. అవి నిజంగా ఆత్మలేనని చెప్పుకున్నందుకు 1869లో న్యూయార్కులో కోర్టుకెక్కాల్సి వచ్చింది. అతని దగ్గర ఫోటో తీయించుకున్నవారిలో అబ్రహాం లింకన్ భార్య కూడా ఉంది. ఆ ఫోటోలో లింకన్ ఆకారం ఆమె భుజాల మీద చేతులు వేసి నిలబడినట్టు ఉంటుంది. మన ఇళ్ళలో గ్రూపు ఫోటోలో కూర్చున్న తాతయ్య సంగతి వేరు. ఆయనను తర్వాత కలిపారని ఇంటిల్లిపాదికీ తెలుసు, అడిగినవాళ్ళకు దాచకుండా చెబుతారు. అది నమ్మించడానికి కాదు, ఆయన స్థానం ఆయనకు ఇవ్వడానికి చేసిన పని. పాప చేయబోయేదీ అదే. రెండింటి మధ్య తేడా ఒక్కటే. తాతయ్య విషయంలో ఇల్లంతా ఒప్పుకుంది, జిమ్మీ విషయంలో ఎవరినీ అడగలేదు.

అడగకపోవడానికి కారణం కథలో ఉండాలి. కారణం లేకుండా రహస్యం నిలవదు. ఆషాఢం మొదట్లో ఒక రాత్రి జిమ్మీ వీధి చివర ట్రాక్టరు కింద పడింది. తెల్లవారకముందే నాన్నా, పాలేరూ దాన్ని కొబ్బరిచెట్టు దగ్గర పూడ్చేశారు. పొద్దున్న పాప అడిగితే, "జిమ్మీని మావయ్యగారి ఊరు పంపించాం" అన్నారు. చెట్టు మొదట్లో మట్టి తిరగేసి ఉండటం పాప చూసింది. ఇంకేమీ అడగలేదు. పెద్దవాళ్ళు ఒక విషయం దాచారు కాబట్టి పాప కూడా ఒకటి దాచగలదు. పిల్లలకు చావు గురించి చెప్పేటప్పుడు ఊరెళ్ళిందనీ, నిద్రపోయిందనీ అనకుండా నేరుగా చనిపోయిందని చెప్పడమే మేలని పిల్లల మనసు తెలిసినవాళ్ళు చెబుతారు. ఊరెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి. నిద్రపోయినవాళ్ళు లేవాలి. రాకపోతే, లేవకపోతే పిల్లలకు గందరగోళం, కొన్నిసార్లు భయం కలుగుతాయి. కథకుడికి ఈ అబద్ధం ఇంకో విధంగా పనికొస్తుంది. ఈ ఇంట్లో జిమ్మీ పేరెత్తడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది. ఇక బొమ్మ తప్ప వేరే దారి లేదు.

అమెరికా రచయిత్రి జూడిత్ వియోర్స్ట్ 1971లో రాసిన 'ది టెన్త్ గుడ్ థింగ్ అబౌట్ బార్నీ' అనే పిల్లల పుస్తకంలో పిల్లి చనిపోతే అమ్మే పిల్లవాడిని పిలిచి, దాని గురించి పది మంచి విషయాలు ఆలోచించి చెప్పమంటుంది. అక్కడ దుఃఖం బయటే ఉంటుంది, దానికి మాటలు దొరుకుతాయి. అలా మాట్లాడుకునే ఇంట్లో మన కథ పుట్టదు. పాప చేసే పనికి అవసరం రావాలంటే ఇల్లు నోరు మూసుకుని ఉండాలి.

పాప వయసును ఏడేళ్ళుగా పెట్టుకోవడం కూడా ఆలోచించి చేయవలసినదే. చావును పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న దాని మీద తొలి పెద్ద పరిశీలనల్లో ఒకటి బుడాపెస్ట్‌లో జరిగింది. మారియా నాగీ అనే పరిశోధకురాలు మూడు నుంచి పదేళ్ళ మధ్య వయసున్న 378 మంది పిల్లల మాటలు, రాతలు, బొమ్మలు సేకరించి 1948లో ప్రచురించింది. అయిదేళ్ళ లోపు పిల్లలు చాలామంది చావును ఒక ప్రయాణంలాగానో నిద్రలాగానో చూశారు. తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు అది అందరికీ వచ్చేదనీ తప్పనిదనీ తెలుసు. 1984లో స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. పోయినవాళ్ళు తిరిగి రారని, వాళ్ళ శరీరం ఇక ఏ పనీ చేయదని, బతికున్న ప్రతి ప్రాణికీ చావు వస్తుందని తెలియడం చాలామంది పిల్లల్లో అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య జరుగుతుందని వాళ్ళు తేల్చారు. పెరిగిన ఇంటిని బట్టి, చూసిన చావులను బట్టి ఈ వయసులు అటూ ఇటూ అవుతాయి.

ఇది కథకు ఎందుకు కావాలంటే, వయసు మారితే పిల్ల చేసిన పనికి అర్థమే మారిపోతుంది. నాలుగేళ్ళ పిల్ల ఫోటోలో కుక్క బొమ్మ అంటిస్తే అది పిలుపు. బొమ్మ పెడితే జిమ్మీ వస్తుందని ఆ పిల్ల అనుకోవచ్చు. పదకొండేళ్ళ పిల్ల అదే పని చేస్తే అది నిరసన. అమ్మానాన్నలు చూసి సిగ్గుపడాలన్న ఉద్దేశం అందులో ఉంటుంది. ఏడేళ్ళ పిల్లకు జిమ్మీ రాదని తెలుసు. ఎవరినీ సిగ్గుపడేలా చేయాలన్న ఆలోచన ఇంకా లేదు. తాతయ్య కూడా రారు, అయినా ఫోటోలో ఉన్నారు. అందుకని జిమ్మీ కూడా ఉండాలి. ఇంత సూటి ఆలోచన ఆ వయసులోనే సాధ్యం.

ఇక బొమ్మ. పిల్లల బొమ్మలను చాలాకాలం పరిశీలించిన ఫ్రెంచి పండితుడు జార్జ్ హెన్రి లూకే 1927లో వచ్చిన తన పుస్తకంలో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు: ఈ వయసు పిల్లలు కంటికి కనిపించేది కాకుండా తమకు తెలిసింది గీస్తారు. కుక్కకు నాలుగు కాళ్ళని తెలుసు కాబట్టి పక్క నుంచి గీసినా నాలుగూ వరసగా కనిపించాలి. తోక ఉందని తెలుసు కాబట్టి అది శరీరం వెనక దాగదు, పైకి లేచి ఉంటుంది. అందువల్ల పాప గీసిన జిమ్మీ పక్కకు తిరిగి, నాలుగు కాళ్ళ మీద నిలబడి, తోక ఎత్తి ఉంటుంది. మిగతా అందరూ కెమెరా వైపు చూస్తుంటే అదొక్కటే కుడివైపు చూస్తుంటుంది. ఇది తెలియని రచయిత ఏడేళ్ళ పిల్ల చేత ముందుకు చూస్తూ కూర్చున్న అందమైన కుక్కను గీయిస్తాడు. పాఠకుడు ఎందుకో చెప్పలేడు గానీ ఆ బొమ్మను నమ్మడు.

బొమ్మ పెద్దదిగా ఉంటే ప్రేమ ఎక్కువనీ, అంచున ఉంటే దూరమనీ చదివే అలవాటు ఒకటి ఉంది. పిల్లల చేత కుటుంబం బొమ్మ గీయించి చూసే పద్ధతులు మానసిక వైద్యంలో ఉన్నాయి. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏదో పని చేస్తున్నట్టు గీయమనే పరీక్షను బర్న్స్, కాఫ్‌మన్ 1970లో ప్రచారంలోకి తెచ్చారు. ఒక్క బొమ్మను చూసి పిల్ల మనసు మీద తీర్పు చెప్పడం తగదని ఆ రంగంలోనే గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. కాగితంలో ఎంత చోటుంటే అంత బొమ్మ గీయడం కూడా పిల్లల అలవాటే. కథకుడు ఇలాంటి గుర్తులను అతిగా వాడితే కథ చిక్కుప్రశ్నలా తయారవుతుంది. ఒక్కటి చాలు: పాప తాడు గీయలేదు. ఫోటో తీసిన రోజు జిమ్మీ మెడకు తాడు ఉంది, మిగతా అన్నీ తెలిసినట్టే గీసిన పాప దాన్ని మాత్రం వదిలేసింది. కథలో ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పకూడదు. బొమ్మ వర్ణనలో మెడ దగ్గర ఏమీ లేదన్న మాట ఒకటి వస్తే సరిపోతుంది.

రహస్యంగా చేర్చడం అనే పని చేతలో ఎలా జరుగుతుందో కథకుడికి తెలియాలి. మామూలుగా మన ఇళ్ళలో పటాలు ఎత్తులో, గోడకు ముందుకు వంచి తగిలిస్తారు. ఏడేళ్ళ పిల్లకు అందవు. స్టూలు ఎక్కి, మేకు మీద నుంచి పటం దించి, మళ్ళీ తగిలించిందంటే నమ్మడం కష్టం. కాబట్టి పటం ఇంకా గోడకెక్కకముందే ఈ పని జరగాలి. స్టూడియో నుంచి పటం వచ్చేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణంలో మంచిరోజు చూసి తగిలిద్దామని నాయనమ్మ అనడంతో అది నెల రోజులు బీరువాకు ఆనించి ఉంది. ఆ నెలలోనే జిమ్మీ పోయింది. కాలం ఇలా కుదిరితే పాపకు అవకాశం దానంతట అదే వస్తుంది.

తర్వాతి ప్రశ్న, దేనితో గీస్తుందన్నది. నిగనిగలాడే ఫోటో కాగితం మీద పెన్సిలు పట్టదు, జారిపోతుంది. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే గాటు పడుతుంది గానీ నలుపు నిండదు. నీళ్ళ రంగు చుక్కలుగా విడిపోతుంది. అద్దం మీద గీస్తే గుడ్డతో తుడిస్తే పోతుంది, పైగా కుక్క ఫోటో పైన తేలుతున్నట్టు ఉంటుంది. పిల్లకు సాధ్యమైనది ఒక్కటే: డ్రాయింగు పుస్తకంలో నల్ల స్కెచ్ పెన్నుతో గీసి, కత్తిరించి, పటం లోపల అంటించడం. పటం వెనక అట్టను పట్టి ఉంచే సన్నటి మేకులు కొత్త పటంలో తేలిగ్గానే వంగుతాయి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చెంచా కాడతో నాలుగు మేకులు పక్కకు వంచి, అట్ట తీసి, ఫోటో బయటికి లాగి, కుడివైపు కింది మూలలో బాబాయి కాళ్ళ పక్కన బంకతో అంటించి, మళ్ళీ అన్నీ సర్దేయవచ్చు. స్టూడియో అతను తాతయ్యకు చేసింది కూడా ఇదే కదా, కత్తెర, జిగురు. ఈ సామ్యాన్ని కథ ఎత్తి చూపించకూడదు. రెండు పనులనూ ఒకే రకమైన మాటలతో వర్ణిస్తే చాలు.

ఆ మూల ఎంచుకోవడం కూడా పాప తెలివే. కింది అంచులో నీడలు, చెప్పులు, తివాచీ అంచు ఉంటాయి. నల్ల కుక్క ఆ నలుపులో కలిసిపోతుంది. పటం పైకెక్కాక కింది నుంచి చూసేవాళ్ళకు అద్దం మీద కిటికీ వెలుతురు పడి ఆ మూల సరిగ్గా కనిపించదు. పైగా తమ ఇంటి ఫోటోను ఎవరూ రోజూ పరీక్షగా చూడరు. అందుకని మూడు నెలలు ఎవరికీ తెలియకపోవడం నమ్మదగినదే.

రహస్యం దాచిన పిల్ల ప్రవర్తనలో అది ఎక్కడ కనిపిస్తుంది? పాప ఆ గోడ వైపు మాటిమాటికీ చూస్తుందని రాయడం మామూలు. నిజానికి ఏడేళ్ళ పిల్లలు దాచిన చోటు వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడతారు. పాప ఇంతకుముందు ఆ గదిలోనే అన్నం తినేది. ఇప్పుడు వంటింట్లో తింటానంటుంది. అమ్మకు కారణం తెలియదు, పాఠకుడికి తెలుసు. పాఠకుడికి ముందే తెలియడం మంచిదా, చివర్లో తెలియడం మంచిదా అన్నది ఇక్కడ తేలాలి. చివరిదాకా దాచి, నాయనమ్మ పటం దించినప్పుడు కుక్క కనబడేలా చేస్తే ఒక్క క్షణం ఆశ్చర్యం దక్కుతుంది. ముందే చూపిస్తే ఆ మూడు నెలల్లో ఆ గదిలోకి ఎవరు వచ్చినా, ఎవరు పటం వైపు తలెత్తినా పాఠకుడికి గుండె ఝల్లుమంటుంది. ఈ కథకు రెండోదే తగినది. పాప చేసిన పనిని పాఠకుడు పాప పక్కన కూర్చుని చూడాలి. అయితే ఆమె తలలో ఏముందో రచయిత చెప్పకూడదు. ఆమె చేతులు ఏం చేశాయో చెప్పాలి.

పాప మనసులోని ప్రశ్న ఒక్కసారైనా బయటికి రావాలి, కానీ ఎప్పుడు? చాలామంది దాన్ని చివరికి దాచుకుంటారు. దొరికిపోయిన పాపను నాయనమ్మ నిలదీస్తే, "తాతయ్య కూడా ఆ రోజు లేరు కదా!" అని పాప అంటుంది, నాయనమ్మ నిర్ఘాంతపోతుంది. వినడానికి బాగుంటుంది గానీ ఆ మాట అక్కడ రచయితది, పాపది కాదు. దొరికిపోయిన పిల్ల వాదించదు, తలవంచుకుని గోడకు అతుక్కుపోతుంది. అదే ప్రశ్న కథ మొదట్లో, జిమ్మీ బతికుండగా, పటం ఇంటికి వచ్చిన రోజున వస్తే ఎంతో సహజంగా ఉంటుంది.

"నాయనమ్మా, తాతయ్య ఫోటోలోకి ఎలా వచ్చారు?"

"స్టూడియో ఆయన పెట్టాడే తల్లీ."

"ఎవరు పెట్టమన్నారు?"

"నేనే."

ఇంతే. పాప ఇంకేమీ అనదు, మామూలుగా జిమ్మీతో ఆడుకోవడానికి పోతుంది. ఆ 'నేనే' అన్న జవాబు పాఠకుడి చెవిలో ఉండిపోతుంది. చివర్లో ఎవరూ దాన్ని మళ్ళీ పలకనక్కర్లేదు.

బయటపడే రోజు ఏదైనా కావచ్చు, తాతయ్య ఆబ్దికం ముందురోజు అయితే సరిగ్గా కుదురుతుంది. కార్తీకంలో పటాలన్నీ దించి తుడిచి బొట్లు పెడతారు. ఇల్లు పోయినవాళ్ళను తలుచుకునే రోజది. నాయనమ్మ గ్రూపు ఫోటో ఒళ్ళో పెట్టుకుని అద్దం తుడుస్తూ కింది మూలలో ఊదారంగు మరక చూస్తుంది. వానాకాలమంతా తేమలో ఉన్న పటం అది. నల్ల స్కెచ్ పెన్ను సిరాలో చాలాసార్లు ఊదా, నీలం వంటి రంగులు కలిసి ఉంటాయి. తడి తగిలితే అవి విడిపోయి అంచుల వెంట పాకుతాయి. మరక అనుకుని కళ్ళద్దాలు సవరించుకుని చూస్తే నాలుగు కాళ్ళు, తోక. పోయినవాళ్ళను బతికున్నవాళ్ళ పక్కన పెట్టకూడదనే నమ్మకం కొన్ని ఇళ్ళలో ఉంది. పెళ్ళి ఫోటోలో చచ్చిన కుక్క ఏమిటని అమ్మో, కొత్త కోడలో అనడానికి కథలో చోటుంది. అప్పుడు వాళ్ళ మాట కూడా న్యాయంగా వినిపించాలి. వాళ్ళను కఠినులుగా చూపిస్తే కథ తేలికైపోతుంది.

ఇక ముగింపు దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఫోటో కాగితం పైపొర జెలటిన్. తేమ తగిలితే అది మెత్తబడి తనను ఆనుకున్న దానికి అతుక్కుంటుంది. అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోలు చాలా ఇళ్ళలో ఉంటాయి. బంకతో అంటించిన కాగితాన్ని మూడు నెలల తర్వాత లాగితే కింద ఉన్న బొమ్మ పొర కూడా ఊడి వస్తుంది. కాబట్టి కుక్కను తీస్తే బాబాయి పాదం కూడా పోతుందని స్టూడియో అతను చెప్పడం, తప్పక కుక్కను ఉంచేయడం సులువుగా తోచే ముగింపు. ఇందులో పెద్ద లోపం ఉంది. తీయడానికి వీల్లేక ఉంచడం ఒప్పుకోవడం కాదు. అప్పుడు కథను తేల్చింది జెలటిన్, నాయనమ్మ కాదు.

అందుకని దారి తెరిచే ఉంచాలి. స్టూడియో అతని దగ్గర నెగెటివ్ భద్రంగా ఉంది. తాతయ్యను కలిపాక తీసిన నెగెటివ్ అది. కొత్త ప్రింటు వేసి, అదే ఫ్రేములో బిగించి ఇవ్వడం అతనికి రెండు రోజుల పని, ఖర్చు కూడా కొద్దిదే. ఆ మాట అతను నాయనమ్మకు చెబుతాడు.

"మామ్మగారూ, కొత్తది వేసిచ్చేస్తాను. అసలు తెలియను కూడా తెలియదు."

"వద్దులే బాబూ. ఆ మేకులే కాస్త గట్టిగా కొట్టు."

తీసేయగలిగి ఉండీ తీయలేదు కాబట్టి ఇది నిర్ణయం. ఈ మాటలో క్షమ లేదు, మెచ్చుకోలు లేదు, కుక్క పేరు కూడా లేదు. పాప ఆ గుమ్మంలో ఉందో లేదో కథ చెప్పనక్కర్లేదు. తర్వాత నాయనమ్మ పాపను దగ్గరకు తీసుకుని మాట్లాడే దృశ్యం రాయాలనిపిస్తుంది. రాస్తే మాత్రం, ఇంట్లో మాటల్లేకపోవడం వల్లే పుట్టిన కథను మళ్ళీ మాటలతో నింపినట్టు అవుతుంది.

ఈ కథను నేటి కాలంలో పెట్టాలంటే చాలా మార్చాలి. ఇప్పుడు ఫోటో అసలు ప్రతి ఫోనులోనే ఉంటుంది. పిల్ల కూడా ఫోనులోనే కుక్క పాత ఫోటోను తెచ్చి గ్రూపు ఫోటోలో కలపగలదు. అది ఫోటోలోని కుక్క ఫోటో అవుతుంది గానీ పాప చేతి గీత కాదు. నాలుగు కాళ్ళ బొమ్మ పోతుంది, వదిలేసిన తాడు పోతుంది, మూడు నెలల తేమ కూడా పోతుంది. రహస్యం కూడా నిలవదు. కుటుంబం గ్రూపులో ఎవరో ఒకరు వెంటనే చూస్తారు. నేటి కథకు వేరే ఆధారం వెతుక్కోవాలి: ఇంటికి అచ్చువేయించి తెచ్చిన పెద్ద పటం, లేదా గోడకు వేయించిన రంగుల చిత్రం. గ్రూపు ఫోటోను ఫిల్ముతో తీసి స్టూడియోలో చేతితో తాతయ్యను కూర్చోబెట్టిన కాలమే ఈ వస్తువుకు సహజమైనది.

నిడివి విషయానికి వస్తే, ఇలాంటి కథ అచ్చులో మూడు నాలుగు పేజీలు దాటకూడదు. జిమ్మీ గురించి రాయవలసింది కొంచెమే. పాముని చూసి మొరిగి పాపను కాపాడిన కుక్క అయితే దానికి ఫోటోలో చోటు సంపాదించుకున్న అర్హత వచ్చేస్తుంది, అప్పుడు పాప చేసింది న్యాయం కాక బహుమతి అవుతుంది. చెప్పులు కొరికి, అన్నం దగ్గర కూర్చుని, పిలిస్తే సగంసార్లే పలికే మామూలు కుక్క చాలు. చావును ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేయాలి. ఎక్కువ చోటు దక్కవలసినది మొదటి ఫోటో రోజుకు, మధ్యాహ్నం చెంచా కాడతో మేకులు వంచడానికి, స్టూడియోలో ఆ రెండు మాటలకు.